ఒకే చిప్‌పై ఆధారపడిన చిన్న ఎలక్ట్రానిక్స్ యూనిట్ సరఫరా ముప్పుకు ఎలా సిద్ధపడాలి: తరచుగా అడిగే ప్రశ్నలు

బొబ్బిలి పారిశ్రామిక వాడలో వ్యవసాయ పంపుసెట్లకు స్టార్టర్ కంట్రోలర్ బోర్డులు తయారు చేసే ఒక చిన్న యూనిట్‌లో కొనుగోళ్లు, ఉత్పత్తి రెండూ నేనే చూస్తాను. మా బోర్డు మోటారును స్టార్‌లో మొదలుపెట్టి డెల్టాకు మారుస్తుంది, ఫేజు పోతే ఆపుతుంది, బోరులో నీరు అడుగంటితే మోటారు కాలిపోకుండా కాపాడుతుంది. ఈ పనులన్నీ చేయించేది STM32F103C8T6 అనే ఒకే ఒక మైక్రోకంట్రోలర్. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో ఇలాంటి యూనిట్లు నడుపుతున్నవారు నన్ను మళ్లీ మళ్లీ అడిగిన ప్రశ్నలకు జవాబులను ఇక్కడ ఒకచోట రాస్తున్నాను. అంకెలు మా యూనిట్ పరిమాణానికి సరిపోయేవే అయినా, లెక్క సులువుగా సాగడానికి వాటిని గుండ్రంగా చేశాను. మీ అంకెలు పెట్టుకుని మళ్లీ లెక్క వేసుకోవాలి.

మేము ఇద్దరు డిస్ట్రిబ్యూటర్ల దగ్గర కొంటున్నాం. అయినా ఒకే వనరుపై ఆధారపడినట్టేనా?

అవును, చాలా సందర్భాల్లో అంతే. ఇద్దరు డిస్ట్రిబ్యూటర్లూ ఒకే కంపెనీ చిప్‌ను అమ్ముతున్నప్పుడు, ఆ కంపెనీ దగ్గర ఉత్పత్తి ఆగితే ఇద్దరి అరలూ కొద్ది రోజుల తేడాతో ఖాళీ అవుతాయి. రెండో డిస్ట్రిబ్యూటర్ వల్ల కలిగే మేలు వేరు. ఒకరి దగ్గర అప్పు పరిమితి దాటినా, ఒకరి గోదాములో సరుకు తాత్కాలికంగా అయిపోయినా రెండోవారు ఆదుకుంటారు. అది మంచిదే, కానీ అసలు ముప్పు అక్కడ లేదు.

అందుకే గొలుసును వెనక్కి పట్టుకుని వెళ్లాలి. మనకు అమ్మేది డిస్ట్రిబ్యూటర్, అతనికి ఇచ్చేది చిప్ కంపెనీ, ఆ చిప్‌ను సిలికాన్ పలకపై తయారు చేసేది ఒక ఫ్యాక్టరీ, దాన్ని కోసి నల్లటి ప్యాకేజీలో పెట్టి పరీక్షించేది తరచుగా మరో దేశంలోని మరో ఫ్యాక్టరీ. సొంత ఫ్యాక్టరీ లేని చిప్ కంపెనీలు డిజైన్ మాత్రమే తాము చేసుకుని, తయారీని తైవాన్‌లోని టీఎస్‌ఎంసీ వంటి ఫౌండ్రీలకు అప్పగిస్తాయి. కాబట్టి రెండు వేర్వేరు కంపెనీల పేర్లున్న రెండు చిప్‌లు ఒకే కప్పు కింద తయారై ఉండవచ్చు. తయారీ ఎక్కడ, ప్యాకేజింగ్ ఎక్కడ అని డిస్ట్రిబ్యూటర్ ఇంజినీరును రాతపూర్వకంగా అడగండి. చిన్న యూనిట్ అడిగినా చాలాసార్లు జవాబు వస్తుంది.

బోర్డులో వందకు పైగా భాగాలు ఉంటాయి. అన్నింటికీ ఈ కసరత్తు చేయాలా?

అక్కర లేదు. రెసిస్టర్లు, మామూలు కెపాసిటర్లు, డయోడ్లు, టెర్మినల్ బ్లాకులు అదే కొలతల్లో పది కంపెనీలు తయారు చేస్తాయి. ఒకటి దొరక్కపోతే మరొకటి పెట్టవచ్చు. భాగాల పట్టికలో ఒక్కొక్క వరుసకు ఒకే ప్రశ్న వేసుకోండి: ఇది రేపు దొరక్కపోతే బోర్డు డిజైన్‌నుగానీ ఫర్మ్‌వేర్‌నుగానీ మార్చకుండా వేరేది పెట్టగలమా? మా పట్టికలో ఆ ప్రశ్నకు ‘లేదు’ అని జవాబు వచ్చినవి మూడే: మైక్రోకంట్రోలర్, సిమ్ కార్డుతో పనిచేసే మోడెమ్, ఒక ప్రత్యేక కొలత గల రిలే. రిలేకు నాలుగు రోజుల్లో జోడీ దొరికింది. మోడెమ్ మా బోర్డు మీద విడి ముక్కగా గుచ్చేది కాబట్టి మార్చడం తేలిక. మిగిలింది మైక్రోకంట్రోలరే. దాని ధర బోర్డు మొత్తం ఖర్చులో చిన్న భాగమే, అందుకే ఏళ్ల తరబడి దాని మీద ఎవరి దృష్టీ పడలేదు. భాగాలను ధరను బట్టి వరుసపెట్టి పైవాటినే జాగ్రత్తగా చూసుకునే అలవాటు ఈ విషయంలో మోసం చేస్తుంది.

సరఫరా ఈ రోజే ఆగిపోతే ఎన్ని వారాలు నడపగలమో ఎలా లెక్కించాలి?

ఈ లెక్కకు మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీకి చెందిన డేవిడ్ సిమ్చి-లెవీ ప్రచారంలోకి తెచ్చిన రెండు కాలాల పద్ధతి చిన్న యూనిట్‌కు కూడా చక్కగా సరిపోతుంది. మొదటిది నిలదొక్కుకునే కాలం, అంటే కొత్త సరుకు ఒక్కటి కూడా రాకపోయినా వినియోగదారుకు ఇవ్వడం ఆగకుండా ఎన్నాళ్లు నడపగలమో చెప్పే కాలం. రెండోది కోలుకునే కాలం, అంటే ఏదో ఒక దారిలో సరఫరా తిరిగి మొదలవడానికి పట్టే కాలం. రెండోది మొదటిదానికన్నా ఎక్కువైతే, ఆ తేడా అన్ని వారాలు యూనిట్ మూతపడుతుంది. ముప్పు ఎప్పుడు వస్తుందో, ఎలా వస్తుందో ఊహించాల్సిన పని ఈ పద్ధతిలో లేకపోవడం నాకు అన్నింటికన్నా నచ్చిన విషయం.

```
T = (S + F) / D
```

ఇక్కడ S అంటే చేతిలో ఉన్న వాడదగిన చిప్‌లు, F అంటే అమ్మకానికి సిద్ధంగా ఉన్న బోర్డులు, D అంటే వారానికి అమ్ముడయ్యే బోర్డులు, T అంటే నిలదొక్కుకునే వారాలు. మా పుస్తకంలో 1,050 చిప్‌లు ఉన్నట్టు రాసి ఉంది. అరలు తెరిచి చూస్తే వాటిలో 150 ఎప్పుడో విప్పి తేమకు వదిలేసిన ట్రేలలోనివి, మరమ్మతు కోసం పక్కన పెట్టినవి. వాటిని తీసేస్తే S విలువ 900. సిద్ధంగా ఉన్న బోర్డులు 300. సగటున వారానికి 150 అమ్ముతాం కాబట్టి 1,200ను 150తో భాగిస్తే 8 వారాలు వస్తుంది.

ఇక్కడే ఆగితే పొరపాటు. రబీలో మొక్కజొన్న, వరి తడుల కోసం మోటార్లు జోరుగా నడిచే డిసెంబరు నుంచి మార్చి వరకు మా అమ్మకం వారానికి 220 దాకా పెరుగుతుంది. అదే 1,200ను 220తో భాగిస్తే దాదాపు ఐదున్నర వారాలే. సగటు అంకెతో లెక్క వేసుకున్నవారు సరిగ్గా గిరాకీ ఉన్న నెలల్లోనే చేతులెత్తేస్తారు. దారిలో ఉన్న ఆర్డర్లను కూడా ఈ లెక్కలో కలపకూడదు. డిస్ట్రిబ్యూటర్ పంపినట్టు కొరియర్ నంబరు చేతికి వచ్చాకే అది సరుకు, అంతవరకు అది మాట మాత్రమే.

కోలుకునే కాలాన్ని ఎలా అంచనా వేయాలి? ఫ్యాక్టరీ వాళ్లు నెలలోనే మొదలుపెడతామంటే నమ్మవచ్చా?

ఫ్యాక్టరీ తిరిగి తెరుచుకోవడం, మన చేతికి చిప్ అందడం ఒకటి కాదు. 2021 మార్చి 19న జపాన్‌లోని హిటాచినాకా నగరంలో ఉన్న రెనెసాస్ కంపెనీ నాకా చిప్ ఫ్యాక్టరీలో మంటలు చెలరేగాయి. దాదాపు నెల రోజుల్లో ఉత్పత్తి తిరిగి మొదలైంది, కానీ సరుకు పంపడం మునుపటి స్థాయికి చేరడానికి నెలలు పట్టింది. సిలికాన్ పలక ఫ్యాక్టరీలోకి వెళ్లాక వందల దశలు దాటి బయటికి రావడానికే సుమారు రెండు, మూడు నెలలు కావాలి. ఆ తర్వాత ప్యాకేజింగ్, పరీక్ష ఉంటాయి. మంట ఒక్క రోజుదే అయినా, ఆ రోజు తయారీలో ఉన్న పలకల్లో చాలావరకు పోవచ్చు. వాటి స్థానంలో కొత్తవి మొదటి మెట్టు నుంచి రావాలి. అంతకుముందు నెలలోనే, అంటే 2021 ఫిబ్రవరిలో, టెక్సాస్ రాష్ట్రంలో మంచు తుపానుకు కరెంటు పోయి ఆస్టిన్‌లోని శాంసంగ్, ఎన్‌ఎక్స్‌పీ, ఇన్ఫినియన్ ఫ్యాక్టరీలు ఆగిపోయాయి. రెండు దెబ్బలూ అప్పటికే ఉన్న కొరతపై పడ్డాయి.

కాబట్టి పాత చిప్ తిరిగి వచ్చే దారికి నేను 26 వారాలు వేసుకుంటాను. రెండో దారి ప్రత్యామ్నాయ చిప్‌కు మారడం. నమూనాలు తెప్పించడానికి 2 వారాలు, ఫర్మ్‌వేర్ సరిచేయడానికి 4, బల్లపై పరీక్షలకు 3, పొలాల్లో పరీక్షకు 4, సరుకు కొనడానికి 3, మొత్తం 16 వారాలు. రెండు దారుల్లో పొట్టిది 16 కాబట్టి మా కోలుకునే కాలం అదే. సగటు నెలల్లో తేడా 8 వారాలు, అంటే 1,200 బోర్డులు. సీజన్‌లో తేడా పదిన్నర వారాలు, అంటే 2,310 బోర్డులు.

మా జిల్లాల్లో అసలు భయం తుపానులది కదా?

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నాన్ని, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస పరిసరాలను ఎలా కుదిపేశాయో ఇక్కడ ఎవరికీ గుర్తు చేయక్కర లేదు. అయితే తుపాను తెచ్చే ఆటంకం రకం వేరు. రోడ్డు, రైలు, కరెంటు రోజుల తరబడి పోవచ్చు, గట్టిగా చూస్తే రెండు, మూడు వారాలు. ఆ వ్యవధిని మామూలు నిల్వే భరిస్తుంది. పైగా తుపాను రోజుల్లో మన వినియోగదారులూ కొనరు. చిప్ ఆగిపోతే మాత్రం నెలలు పడుతుంది, గిరాకీ తగ్గదు.

తుపానుతో ముడిపడిన అసలు ముప్పు మనం దాచుకున్న నిల్వకే. రేకుల షెడ్డులో నేలకు ఆనించి పెట్టిన అట్టపెట్టె ఒక్క రాత్రిలో పాడైపోతుంది. మేము అదనపు నిల్వలో సగాన్ని విజయనగరంలోని భాగస్వామి ఇంట్లో, నేలకు నాలుగడుగుల ఎత్తున ఉంచాం. 1,200 చిప్‌లు ఐదు ట్రేలలో సరిపోతాయి కాబట్టి స్థలం సమస్య కాదు. బీమా పత్రంలో రెండో చోటు చిరునామా కూడా ఉండాలి, లేకపోతే నష్టపరిహారం రాదు.

అదనపు నిల్వకు డబ్బు కట్టేయడం చిన్న యూనిట్‌కు భారం కాదా?

ఈ ప్రశ్నకు అంకెలతోనే జవాబు చెప్పాలి. చిప్ ధర రూ.90 అనుకుందాం. ఏడాది పొడవునా 1,200 చిప్‌లు అదనంగా ఉంచితే రూ.1,08,000 అందులో ఉండిపోతుంది. బ్యాంకు వడ్డీ 12 శాతం చొప్పున ఏడాదికి రూ.12,960. సీజన్ కోసం మరో 1,110 చిప్‌లను నాలుగు నెలలు మాత్రమే ఉంచితే వాటి విలువ రూ.99,900, నాలుగు నెలల వడ్డీ దాదాపు రూ.4,000. పాడైపోయేవి, బీమా కలిపి మొత్తం ఖర్చును ఏడాదికి రూ.20,000 అనుకుందాం.

మరోవైపు, ఒక్కో బోర్డుపై సామగ్రి ఖర్చు పోగా మాకు రూ.400 మిగులుతుంది. అద్దె, జీతాలు అందులోంచే కట్టాలి. సగటు నెలల్లో 8 వారాలు ఆగితే 1,200 బోర్డులు, అంటే రూ.4,80,000 పోతుంది. రూ.20,000ను రూ.4,80,000తో భాగిస్తే 4 శాతం పైచిలుకు. అంటే ఇలాంటి ఆటంకం 24 ఏళ్లకు ఒక్కసారి వచ్చినా ఈ నిల్వ తన ఖర్చు తాను తీర్చుకుంటుంది. సీజన్‌లో ఆగితే నష్టం దాదాపు రెట్టింపు. పని లేక వెళ్లిపోయిన సోల్డరింగ్ ఆపరేటర్ విశాఖలో కుదురుకుని తిరిగి రాకపోవడం, డీలరు వేరే కంపెనీ బోర్డుకు అలవాటు పడిపోవడం ఈ లెక్కలోకి రానేలేదు.

ఈ లెక్క ఖరీదైన భాగాలకు ఇలాగే తేలదు. రూ.2,000 విలువైన డిస్‌ప్లేకు ఇదే పద్ధతిలో లెక్క వేస్తే, నిల్వ కన్నా ప్రత్యామ్నాయాన్ని ముందే సిద్ధం చేసుకోవడమే మేలని తేలవచ్చు. భాగం చవకైనదై, ఆగినప్పటి నష్టం పెద్దదైతేనే నిల్వ సరైన మందు.

చిప్‌లను ఏడాదికి పైగా దాచవచ్చా? మా దగ్గర ఉక్కపోత, తేమ ఎక్కువ.

దాచవచ్చు, కానీ ఎలా దాచాలో తెలియాలి. ఈ చిప్ పైనున్న ప్లాస్టిక్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తర్వాత రీఫ్లో ఓవెన్‌లో 240 డిగ్రీలు దాటిన వేడి తగిలితే లోపలి తేమ ఆవిరై ఒక్కసారిగా వ్యాకోచిస్తుంది, ప్యాకేజీ లోపల పొరలు విడిపోతాయి. బయటికి చాలాసార్లు ఏమీ కనిపించదు. బోర్డు పరీక్షలో నెగ్గుతుంది, ఎండాకాలంలో రైతు పొలంలో స్టార్టర్ పెట్టె వేడెక్కాక ఆగిపోతుంది.

సంచి మీది లేబుల్‌పై తేమ స్థాయి సంఖ్య ఉంటుంది. మా చిప్‌కు అది 3. సంచి విప్పాక 168 గంటల్లోపు సోల్డర్ చేయాలని దాని అర్థం, అదీ గదిలో 30 డిగ్రీల లోపు వేడి, 60 శాతం లోపు తేమ ఉంటేనే. ఆగస్టులో ఏసీ లేని మా షెడ్డులో తేమ 60 శాతం దాటని రోజు అరుదు, కాబట్టి ఆ 168 గంటల హామీ మాకు వర్తించదు. అందుకే అదనపు నిల్వ సంచులను విప్పం. చూద్దామని కూడా విప్పం. వారానికి కావలసినంతే విప్పి, మిగిలితే పొడి గాలి బీరువాలో పెడతాం. బీరువా లేనివారు సిలికా జెల్ పొట్లాలు, తేమ చూపే కార్డు వేసి, తేమను ఆపే అల్యూమినియం సంచిలో తిరిగి సీలు చేయవచ్చు. మామూలు పాలిథిన్ సంచి పనికిరాదు.

సీలు సంచి లోపలి సరుకుకు సాధారణంగా 12 నెలల గడువు చెబుతారు. గడువు దాటితే పారేయాలని కాదు. విప్పిన వెంటనే కార్డు చూడాలి. 10 శాతం చుక్క నీలం నుంచి గులాబీ రంగుకు మారి ఉంటే, వాడే ముందు లేబుల్‌లో చెప్పినంత సేపు వేడి చేసి ఆరబెట్టాలి. వేడిని తట్టుకునే ట్రేలను 125 డిగ్రీల వద్ద ఆరబెట్టవచ్చు, ప్లాస్టిక్ రీలును మాత్రం ఆ వేడిలో పెడితే కరిగి వంకరపోతుంది. నిల్వ కోసం కొనేటప్పుడు రీలు కాకుండా ట్రే అడగడానికి ఇదే కారణం.

ప్రత్యామ్నాయ చిప్ కాళ్లు ఒకేలా ఉంటే నేరుగా పెట్టేయవచ్చా?

ఇక్కడే మేము దెబ్బతిన్నాం, అందుకే కాస్త వివరంగా చెబుతాను. STM32F103C8T6కు కాళ్ల అమరికలో సరిపోయే చిప్‌లను వేరే కంపెనీలు తయారు చేస్తాయి, GD32F103C8T6 వాటిలో ఒకటి. అదే బోర్డుపై సోల్డర్ అవుతుంది, అదే ప్రోగ్రామ్ చాలావరకు నడుస్తుంది. ఆ ‘చాలావరకు’ దగ్గరే చిక్కు.

మా పాత ఫర్మ్‌వేర్‌లో స్టార్ నుంచి డెల్టాకు మారే 8 సెకన్ల వ్యవధిని టైమర్‌తో కొలవలేదు. ఖాళీ లూపును ఇన్నిసార్లు తిప్పితే 8 సెకన్లవుతుందని ఎవరో కొలిచి ఒక సంఖ్య వేశారు. పాత చిప్ ఫ్లాష్ మెమరీ నుంచి ఆజ్ఞలు చదివేటప్పుడు కొద్దిగా ఆగి ఆగి చదువుతుంది, కొత్త చిప్ ఆగకుండా చదువుతుంది. గడియారం వేగం రెండింటిలోనూ 72 మెగాహెర్ట్జే అయినా, కొత్తదానిలో లూపు త్వరగా ముగిసి ఆరు సెకన్లకే డెల్టాకు మారింది. బల్లపై చిన్న మోటారుతో ఎవరూ గమనించలేదు. పొలంలో పది హార్స్‌పవర్ మోటారు పూర్తి వేగం అందుకోకముందే డెల్టాకు మారి, ఎక్కువ కరెంటు లాగి, ఓవర్‌లోడ్ రిలే పడిపోయింది. రైతు మోటారులోనే లోపమని వైండింగ్ షాపుకు తీసుకెళ్లాడు. కారణం పట్టుకోవడానికి మాకు మూడు వారాలు పట్టింది.

అప్పటి నుంచి ప్రతి వ్యవధినీ చిప్‌లోని టైమర్‌తోనే కొలుస్తున్నాం. చిప్‌ను నేరుగా తాకే ఆజ్ఞలన్నింటినీ ఒక విడి ఫైలులోకి తెచ్చి, మోటారు తర్కాన్ని వేరుగా ఉంచాం. అందువల్ల మూడో చిప్ వచ్చినా మార్చాల్సింది ఆ ఒక్క ఫైలే. పరీక్షల్లో మేము ముఖ్యంగా చూసేవి మూడు. మోటారు కరెంటు కొలతలో రెండు చిప్‌ల మధ్య తేడా ఎంత ఉంది, వోల్టేజీ నెమ్మదిగా పడిపోయి తిరిగి లేచినప్పుడు చిప్ సరిగా రీసెట్ అవుతోందా, కాంటాక్టర్ కాయిల్ పడినప్పుడు వచ్చే విద్యుత్ కుదుపుకు చిప్ స్తంభించిపోతోందా. ఈ మూడోదానికి కాంటాక్టర్‌ను వెయ్యిసార్లు వేసి తీస్తాం. తర్వాత 20 బోర్డులను తెలిసిన రైతుల పొలాల్లో నాలుగు వారాలు ఉంచుతాం. పల్లెల్లో త్రీఫేజ్ కరెంటు వచ్చిన నిమిషంలోనే లైనులోని మోటార్లన్నీ ఒకేసారి లేస్తాయి. ఆ వోల్టేజీ పతనాన్ని బల్లపై పుట్టించడం కష్టం.

ఈ పని ముందుగానే పూర్తి చేసి పెట్టుకుంటే కోలుకునే కాలం 16 వారాల నుంచి, కొనుగోలుకు 3, ఉత్పత్తి సర్దుబాటుకు 2 కలిపి 5 వారాలకు దిగుతుంది. అది సీజన్‌లోని ఐదున్నర వారాల లోపే.

అయితే ప్రత్యామ్నాయం సిద్ధమయ్యాక అదనపు నిల్వ తీసేయవచ్చా?

పూర్తిగా తీసేయవద్దని నా సలహా. ఒక్క కంపెనీకో ఒక్క ఫ్యాక్టరీకో కష్టం వస్తే ప్రత్యామ్నాయం కాపాడుతుంది. 2021లో లాగా మార్కెట్ అంతటికీ కొరత వస్తే అందరూ అదే ప్రత్యామ్నాయం కోసం ఒకేసారి ఎగబడతారు, కాబట్టి ఆ 3 వారాల కొనుగోలు గడువు నిలవదు. అప్పుడు కాపాడేది అరలో ఉన్న సరుకే. మేము ప్రత్యామ్నాయం సిద్ధమయ్యాక 1,200ను 600కు తగ్గించాం, అక్కడితో ఆపాం. ప్రతి మూడో నెలా 50 బోర్డులను కొత్త చిప్‌తోనే తయారు చేస్తాం. అలా చేయకపోతే ప్రోగ్రామింగ్ జిగ్, ఫర్మ్‌వేర్, మనుషుల అలవాటు అన్నీ తుప్పు పడతాయి.

డిస్ట్రిబ్యూటర్ చిన్న యూనిట్ మాట వింటాడా?

నెలనెలా అప్పటికప్పుడు ఆర్డరు పెట్టేవారి మాట వినడు. కొరత వచ్చినప్పుడు కంపెనీలు ఉన్న సరుకును పంచి ఇస్తాయి. ఆ పంపకంలో ముందుగా నమోదైన ఆర్డర్లకే చోటు ఉంటుంది. అందుకే 12 నెలల అవసరాన్ని నెలవారీ విడతలుగా ఒకే ఆర్డరులో పెట్టి, ప్రతి నెలా చివర ఒక నెలను చేర్చుకుంటూ పోవాలి. దగ్గరి మూడు నెలల విడతలు మార్చలేనివిగా, ఆ తర్వాతివి వాయిదా వేసుకోగలిగేవిగా ఉండాలని అడగండి. ఆర్డరు పత్రంలో ‘రద్దు చేయరాదు, తిరిగి ఇవ్వరాదు’ అనే షరతు ఉందేమో సంతకం పెట్టే ముందు చూడాలి. ఆ షరతు 12 నెలల మొత్తానికి వర్తిస్తే, అమ్మకం తగ్గిన ఏడాది సరుకు మన మెడకే చుట్టుకుంటుంది.

కొరత రాబోతోందని ముందుగా ఎలా తెలుస్తుంది?

మా స్టోర్స్ అమ్మాయి ప్రతి సోమవారం ఒక నోటుపుస్తకంలో మూడు అంకెలు రాస్తుంది: ముగ్గురు డిస్ట్రిబ్యూటర్ల వెబ్‌సైట్లలో కనిపించే నిల్వ, ఫ్యాక్టరీ గడువు వారాలు, ధర. గడువు 12 నుంచి 18 వారాలకు పెరిగితే అదే మొదటి గంట. కొటేషన్ చెల్లే కాలం నెల నుంచి వారానికి తగ్గడం, ఆర్డరులో కొంతే పంపడం రెండోది. అప్పటికే ఆలస్యమైంది, కానీ ఇంకా చేయి దాటలేదు.

కొరతలో బహిరంగ మార్కెట్‌లో దొరికింది కొనవచ్చా?

వేరే దారి లేనప్పుడు మాత్రమే, అదీ మొత్తం డబ్బు ముందుగా చెల్లించకుండా. ఒక కొరత కాలంలో ఓ వ్యాపారి దగ్గర 500 కొన్నాం. ట్రేలో పక్కపక్కనే ఉన్న చిప్‌లపై తయారీ వారం సంఖ్యలు వేర్వేరుగా ఉన్నాయి, కొన్నింటి కాళ్లపై పాత సోల్డర్ గీతలున్నాయి. అసిటోన్‌లో తడిపిన దూదితో రుద్దితే కొన్నింటి పైపూత ఊడి, కింద పాత ముద్ర కనిపించింది. ప్రోగ్రామర్‌కు తగిలిస్తే, చిప్‌ను చదివే OpenOCD సాఫ్ట్‌వేర్ తెరపై ఇలా వచ్చింది:

```
Warn : UNEXPECTED idcode: 0x2ba01477
Error: expected 1 of 1: 0x1ba01477
```

అసలు STM32F103లో చదవాల్సిన సంఖ్య రెండో వరుసలోనిది. మొదటిది వస్తే అది ఆ చిప్ కాదని ఖాయం. అయితే సరైన సంఖ్య వచ్చినంత మాత్రాన అసలుదని నమ్మకూడదు, దాన్ని కూడా అనుకరించినవి ఉన్నాయి. ముందు పది నమూనాలు తెప్పించుకుని ఈ పరీక్షలన్నీ చేసి, అదే లాటుకు ఆర్డరు పెట్టండి. ఆ చిప్‌లతో చేసిన బోర్డుల క్రమసంఖ్యలు విడిగా రాసి ఉంచండి. పొలం నుంచి ఫిర్యాదు వస్తే ఏ లాటును వెనక్కి పిలవాలో అప్పుడే తెలుస్తుంది.

చిప్ తయారీనే శాశ్వతంగా ఆపేస్తే?

అది ఒక్క రోజులో జరగదు. ముందుగా వెబ్‌సైట్‌లో ‘కొత్త డిజైన్లకు సిఫారసు చేయం’ అనే గుర్తు పడుతుంది. తర్వాత నిలిపివేత నోటీసు వస్తుంది. పరిశ్రమ ఆనవాయితీ ప్రకారం నోటీసు నుంచి చివరి ఆర్డరుకు దాదాపు 6 నెలలు, చివరి సరుకు అందుకోవడానికి దాదాపు 12 నెలలు ఇస్తారు. ఆ నోటీసు డిస్ట్రిబ్యూటర్ దగ్గర నమోదైన ఈమెయిల్‌కు వెళ్తుంది. మానేసి వెళ్లిన గుమాస్తా ఈమెయిల్ అక్కడ ఉంటే మనకు ఎప్పటికీ తెలియదు. ఈ రోజే ఫోన్ చేసి సరిచూసుకోండి. చివరి కొనుగోలు లెక్కలో కొత్త బోర్డు సిద్ధమయ్యే వరకు అవసరమైనవాటితో పాటు, వారంటీ మరమ్మతులకు కావలసినవీ కలపాలి.

కొరత తీరాక మిగిలిన నిల్వను ఏం చేయాలి?

అమ్మేయవద్దు, అలాగని కదల్చకుండా ఉంచవద్దు. కొత్త సరుకు వచ్చినప్పుడల్లా అది నిల్వలోకి, నిల్వలోని పాతది ఉత్పత్తిలోకి వెళ్లాలి. మా 600లో ప్రతి సంచి మీద వచ్చిన తేదీ పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది, పాత తేదీ సంచి అరలో ముందుకు ఉంటుంది. సగటున వారానికి 150 వాడతాం కాబట్టి నాలుగు వారాల్లో నిల్వ మొత్తం మారిపోతుంది, సంచి మీది 12 నెలల గడువు దరిదాపులకు ఏదీ చేరదు. ప్రత్యామ్నాయ చిప్‌ల సంచులు మాత్రం నెమ్మదిగా కదులుతాయి. అవి మూడు నెలలకు 50 చొప్పునే ఖర్చవుతాయి కాబట్టి ఒకేసారి 200కు మించి కొనం.